నిన్నటిదాకా తోటి సిస్టర్, ఇవాళ వార్డు ఇన్‌ఛార్జ్

విజయవాడలోనో గుంటూరులోనో ఓ మోస్తరు ప్రైవేటు ఆసుపత్రి, అందులో 24 పడకల సర్జికల్ వార్డు అనుకుందాం. నర్సులు 14 మంది. పాత ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఉద్యోగం వచ్చి గల్ఫ్ వెళ్లిపోయింది. ఆమె కుర్చీలో 8 ఏళ్ల సర్వీసున్న బీఎస్సీ నర్సును కూర్చోబెట్టారు. అదే వార్డులో 15 ఏళ్లుగా చేస్తున్న జీఎన్ఎం అక్క ఉంది. ఈ అమ్మాయి చేరిన కొత్తలో కాన్యులా పెట్టబోయి చెయ్యి వణికితే పక్కన నిలబడి నేర్పింది ఆ అక్కే. ఇంకో సిస్టర్ ఈమెతో ఒకే రోజు చేరింది, ఒకే హాస్టల్ గదిలో మూడేళ్లు ఉంది, ఇప్పటికీ ఇద్దరిదీ ఒకే టిఫిన్ డబ్బా.

ప్రమోషన్ లెటర్ వచ్చిన రోజు అందరూ స్వీట్లు తిన్నారు. ఆ మర్నాటి నుంచి ఈమె డ్రెస్సింగ్ రూమ్‌లోకి రాగానే లోపలి కబుర్లు ఆగిపోతున్నాయి. ఈమెకు నిద్ర పట్టడం లేదు. అక్కకు రావాల్సింది నాకొచ్చింది, నా పని చూసి కాదు, బీఎస్సీ కాగితం చూసి ఇచ్చారు, ఈ నెల కాకపోతే వచ్చే నెల నా అసలు రంగు బయటపడుతుంది అన్నదే ధ్యాస.

ఈ భయాన్ని 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఓ వ్యాసంలో వర్ణించారు. చదువులో, వృత్తిలో బాగా రాణించిన మహిళలను 150 మందికి పైగా గమనించి రాసిన వ్యాసమది. ఎన్ని సర్టిఫికెట్లున్నా, ఎంతమంది మెచ్చుకున్నా, అదంతా అదృష్టమనో ఎదుటివాళ్ల పొరపాటనో వాళ్లు లోలోపల నమ్ముతున్నారని తేల్చారు. దీన్నే ఇప్పుడు అందరూ ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటున్నారు. మానసిక వైద్యుల జబ్బుల జాబితాలో ఇది లేదు, మగవాళ్లకూ వస్తుంది. ఈ భయం ఉన్నవాళ్లు చేసే పని ఒకటుంది: అవసరానికి మించి కష్టపడతారు. పని బాగా జరిగితే, అంత కష్టపడ్డాను కాబట్టే గట్టెక్కాను అనుకుంటారు. మళ్లీ పని వచ్చేసరికి భయం యథాతథం.

తోటివాళ్ల మీదే పైఅధికారిగా వెళ్లినప్పుడు మాత్రం ఇందులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. మొదటిది, కొత్త పని నిజంగానే రాదు. రోగికి డ్రెస్సింగ్ చేయడం వేరు, 13 మంది చేత నెలంతా పని చేయించడం వేరు. రానిదాన్ని రాదనుకోవడం భ్రమేమీ కాదు, నేర్చుకుంటే పోతుంది. రెండోది, అక్క ముందు తలెత్తలేని మొహమాటం. ఇది సామర్థ్యానికి సంబంధించింది కాదు, బంధానికి సంబంధించింది. మూడోదే అసలు ఇంపోస్టర్ భయం. ప్రభుత్వాసుపత్రిలో అయితే సీనియారిటీ జాబితా మాట్లాడుతుంది కాబట్టి ‘నన్నే ఎందుకు’ అనే ప్రశ్న అంతగా పుట్టదు. ప్రైవేటులో మేనేజ్‌మెంట్ ఎంపిక చేస్తుంది, కారణం ఎవరికీ చెప్పదు. చెప్పని చోటల్లా మనకు మనమే ఓ కారణం అల్లుకుంటాం, అది ఎప్పుడూ మనకు వ్యతిరేకంగానే ఉంటుంది.

భయం మనసులో ఉన్నంతవరకు ఎవరికీ కనిపించదు. బయటపడేది డ్యూటీ రోస్టర్‌లో.

ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8. షిఫ్టుకు ముగ్గురు చొప్పున రోజుకు 9 మంది కావాలి. ఇన్‌ఛార్జ్‌ది ఎప్పుడూ ఉదయం డ్యూటీయే, ఆమె ఈ లెక్కలోకి రాదు. మిగిలిన 13 మందిలో రోజూ ఇద్దరికి వీక్లీ ఆఫ్, ఒకరిద్దరికి నైట్ ఆఫ్ పోతే, అక్కడితో సరి. ఒక్కరు జ్వరమని పడుకుంటే రోస్టర్ తలకిందులవుతుంది. నెలకు 90 నైట్లు, 13 మందికి పంచితే మనిషికి దాదాపు 7.

మన కొత్త ఇన్‌ఛార్జ్ వేసిన మొదటి రోస్టర్ చూడండి. అక్కకు 5 నైట్లు, స్నేహితురాలికి 5. తన పేరున 4 వేసుకుంది. మిగిలిన 11 మందికి ఎప్పటిలా దాదాపు ఏడేసి. లెక్క సరిపోయింది, ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, పైగా ‘ఇన్‌ఛార్జ్ అయినా నైట్లు చేస్తోంది’ అని పేరొచ్చింది. కానీ నైట్ చేసిన మనిషి పొద్దున ఎనిమిదింటికి ఇంటికి పోతుంది. సర్జన్ రౌండ్స్‌కు వచ్చేది ఆ తర్వాత. నెలలో ఐదారు ఉదయాలు వార్డుకు ఇన్‌ఛార్జే లేదు. ఎమర్జెన్సీ ట్రాలీలో మందుల గడువు చూసేవాళ్లు లేరు, స్టోర్‌కు ఇండెంట్ ఆలస్యంగా వెళ్లింది, రౌండ్స్‌లో డాక్టరు నోటితో చెప్పిన మార్పు ఎవరు రాసుకున్నారో తెలీదు. తనకు బాగా వచ్చిన పాత పనిలో దాక్కుని, రాని కొత్త పనిని తప్పించుకుందన్నమాట. అది ఆమెకూ తెలీదు. త్యాగం చేస్తున్నాననే అనుకుంది.

ఇదే భయం కొందరిలో తిరగబడి వస్తుంది. ఒక్క నిమిషం ఆలస్యమైనా మెమో, అందరూ రాసిన నోట్స్ మళ్లీ తానే తిరగరాయడం, ఏం అడిగినా ‘పైవాళ్లు ఒప్పుకోరు’ అని తప్పించుకోవడం. మెతకగా ఉండేవారికీ కరుకుగా ఉండేవారికీ లోపలి సంగతి ఒకటే: నాకు తెలీదని ఎవరికీ తెలియకూడదు.

ఆసుపత్రిలో దీనికి చెల్లించే ధర ఎక్కువ. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుంటే, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. కారణం వెతికితే, ఆ వార్డుల్లో నర్సులు తమ ఇన్‌ఛార్జ్‌తో భయపడకుండా మాట్లాడగలుగుతున్నారు, జరిగిన పొరపాటు చెప్పేస్తున్నారు. తక్కిన చోట్ల దాచేస్తున్నారు. ఇన్‌ఛార్జే తనకు తెలియనిది దాచుకుంటుంటే, మొన్న చేరిన పిల్ల రెండు యూనిట్లు ఎక్కువ ఇన్సులిన్ ఇచ్చానని ఏ ధైర్యంతో చెబుతుంది?

కాబట్టి భయం పోయేదాకా ఆగి ఆ తర్వాత పని మొదలుపెడదామనుకుంటే కుదరదు. కొన్ని మాటలు ముందే మాట్లాడేయాలి. మొదటిది నియమించిన వాళ్లతో. చాలామంది ఈ మాట తోటివాళ్ల దగ్గర, ‘నేను చేయగలనంటావా?’ అని అడుగుతారు. వాళ్లు ‘చేయగలవులే’ అంటారు, ఇంకేమంటారు? ఎందుకు ఎంచుకున్నారో తెలిసింది నర్సింగ్ సూపరింటెండెంట్‌కే. ఆమెనే అడగాలి, మొదటి వారంలోనే.

“మేడమ్, పది నిమిషాలు వీలైతే కొన్ని విషయాలు అడగాలి.”

“అడుగమ్మా.”

“ఈ పోస్టుకి నన్ను అనుకున్నప్పుడు నా పనిలో మీకేం కనిపించింది? పొగడ్త కోసం కాదు మేడమ్. తెలిస్తే దాన్ని పోగొట్టుకోకుండా చూసుకుంటా.”

“డెంగీ సీజన్‌లో మెడికల్ వార్డు నిండి మీ దగ్గరికి పంపాం, గుర్తుందా? గొడవకొచ్చిన అటెండెంట్లను నువ్వు కూర్చోబెట్టి మాట్లాడావు. ఇంకోటి, నువ్వు రాసిన హ్యాండోవర్ చదివాక మళ్లీ నీకు ఫోన్ చేయాల్సిన పని ఉండదు.”

“మరి తక్కువేం కనిపించింది?”

“నువ్వు కాదనలేవు. డాక్టర్ గొంతు పెంచితే తగ్గిపోతావు.”

“సెలవులు నా అంతట నేను ఎన్ని రోజులు ఇవ్వొచ్చు? రోస్టర్‌లో మార్పు వస్తే మీకు చెప్పి చేయాలా, చేసి చెప్పాలా?”

“రెండు రోజుల దాకా నువ్వే చూసుకో. ఇద్దరు మార్చుకుంటే నువ్వే సంతకం పెట్టు. వేరే వార్డు నుంచి మనిషి కావాలంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రి అయినా సరే.”

“మూడు నెలలయ్యాక ఏం చూసి నేను బాగా చేస్తున్నానంటారు?”

“పొరపాట్ల రిపోర్టులు రాస్తున్నారా లేదా చూస్తా. తగ్గాయా అని కాదు, రాస్తున్నారా అని.”

ఈ సంభాషణలో ‘నేను పనికొస్తానా’ అనే ప్రశ్న ఒక్కసారీ రాలేదు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు సాయంత్రానికి ఆవిరైపోతుంది. డెంగీ సీజన్, హ్యాండోవర్ పుస్తకం మాత్రం జరిగినవి, కాదనలేనివి. ఇంటికెళ్లి వాటిని మేడమ్ మాటల్లోనే డైరీలో రాసి పెట్టుకోవాలి. రాయకపోతే వారం తిరిగేసరికి మనసు ఆ రెండు మెచ్చుకోళ్లను మర్చిపోయి ‘కాదనలేవు’ ఒక్కటే పట్టుకుంటుంది. అన్నిటికంటే విలువైంది మూడో ప్రశ్న, అధికారం ఎంతవరకు అన్నది. హద్దు తెలియని చోట మంచి ఇన్‌ఛార్జ్ కూడా దొంగలా తడబడుతుంది. ఒకవేళ సూపరింటెండెంట్ ‘అవన్నీ నిదానంగా తెలుస్తాయిలే’ అని దాటేస్తే, తాను అనుకున్న హద్దులు నాలుగు వాక్యాల్లో రాసి ‘మేడమ్, ఇలా చేస్తున్నాను, తప్పయితే చెప్పండి’ అని పంపాలి. ఆవిడ సరిదిద్దినా మంచిదే, ఊరుకున్నా మంచిదే.

రెండో మాట అక్కతో. అందరూ వాయిదా వేసేది ఇదే. వాయిదా పడినకొద్దీ మధ్యలో మిగతావాళ్లు మాటలు మోస్తారు. నర్సింగ్ స్టేషన్‌లో కాదు, క్యాంటీన్‌లో అసలే కాదు. ఇద్దరూ మార్నింగ్ డ్యూటీలో ఉన్న రోజు, రెండింటికి హ్యాండోవర్ ఇచ్చేశాక, స్టోర్ గదిలో పది నిమిషాలు చాలు.

“అక్కా, ఈ పోస్టు మీకు వస్తుందని అందరం అనుకున్నాం, నేను కూడా. దీని గురించి మాట్లాడకుండా మీ ముందు తిరగడం నాకు కష్టంగా ఉంది. మీకేమనిపిస్తోందో చెప్తే వింటాను.”

“ఏమనిపిస్తుందమ్మా. పదిహేనేళ్లు చేశాను. నాకు ఆ కాగితం లేదు, అంతే.”

ఇక్కడ ఒక్క నిమిషం నోరు మూసుకోవడం చాలా కష్టం. మనసు ‘నిజమే అక్కా, మీకే రావాల్సింది’ అనమంటుంది. అనకూడదు. మర్యాదగా వినిపించినా ఆ మాట రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది. రేపు ఏదైనా విషయంలో ఆమెకు కాదని చెప్పాల్సి వచ్చినప్పుడు, ‘నువ్వే అన్నావుగా’ అని ఎదురు తిరుగుతుంది. పైగా బాధపడుతున్న మనిషి చేతే తనకు ఓదార్పు చెప్పించుకున్నట్టవుతుంది.

“ఆ నిర్ణయం నేను తీసుకున్నది కాదక్కా. మార్చే అధికారం కూడా నాకు లేదు. బాధ ఉంటుందని మాత్రం నాకు తెలుసు.”

“నువ్వు బాగానే చేస్తావులే. కానీ నా నైట్ల సంగతి కాస్త చూడు.”

“వచ్చే నెల నుంచి నైట్లు అందరికీ ఏడే అక్కా. ఈ నెల మీకు తగ్గించి వేశాను, అలా వేయకూడదు. ఇంకో మాట. కొత్తగా చేరిన పిల్లలు డ్రెయిన్‌లో ఎంత వచ్చిందో రాయడంలో తడబడుతున్నారు. మీకిష్టమైతే వాళ్లకు నేర్పే పని మీ పేరున పెడతా. ఆ గంట డ్యూటీలోనే లెక్క, డ్యూటీ అయ్యాక కాదు. ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి.”

“ఆలోచిస్తా.”

‘ఆలోచిస్తా’తో ఆగిపోయినా ఈ సంభాషణ జరిగినట్టే లెక్క. కౌగిలించుకుని కన్నీళ్లు పెట్టుకోవడం సినిమాల్లో ఉంటుంది. నేర్పే పని లంచంలా అనిపించకూడదంటే అది నిజంగా వార్డుకు అవసరమైనదై ఉండాలి, దానికి డ్యూటీలో గంట కేటాయించాలి. అక్కను అక్కా అనడం, మీరు అనడం మానక్కర్లేదు. కుర్చీ మారినంత మాత్రాన ఆ వరస మార్చుకునే ఇన్‌ఛార్జ్‌ను వార్డు క్షమించదు.

అక్క చెప్పిన ‘కాగితం’ సంగతి మాత్రం ఇన్‌ఛార్జ్ తన మనసులో మోయాల్సిన తప్పు కాదు. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. ఆసుపత్రులు ఆ తేడాను ప్రమోషన్‌కు అడ్డుగోడలా వాడుతుంటే అది మేనేజ్‌మెంట్ తేల్చాల్సిన విషయం. జీఎన్ఎం చేసినవాళ్లకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ అని రెండేళ్ల కోర్సు ఉంది. ‘దానికి వెళ్లాలనుకునే సీనియర్లకు ఆసుపత్రి ఏం సాయం చేస్తుంది మేడమ్?’ అని సూపరింటెండెంట్‌ను అడగడం ఇన్‌ఛార్జ్ చేయగలిగిన పని. నాలుగు నైట్లు తన నెత్తిన వేసుకుంటే అక్క కెరీర్ అంగుళం కూడా జరగదు. 2021లో రుచికా తుల్ష్యాన్, జోడీ ఆన్ బ్యూరీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో గట్టిగా వాదించింది ఇలాంటిదే: పని చేసే చోట ఉన్న వివక్షను వదిలేసి, ఆడవాళ్ల మనసుకే ఏదో జబ్బుందని చెప్పడం మానమన్నారు. ఆ వాదనలో నిజముంది. అయితే మేనేజ్‌మెంట్ మారేలోగా రేపు పొద్దున రోస్టర్ వేయాల్సింది ఈమే.

మూడో మాట స్నేహితురాలితో, సంక్రాంతి ముందు. ఈ మాట రానే వస్తుంది.

“ఏయ్, భోగి నుంచి ముక్కనుమ దాకా నాకు సెలవు రాసెయ్యవే. ఇప్పుడు నీ చేతిలో పనేగా.”

“పండక్కి ఎనిమిది మంది అడిగారే. రోజుకు ఇద్దరిని మించి వదిలితే నైట్‌కి మనుషులుండరు. పాత రోస్టర్లు తీసి చూశా. పోయినేడాది పండగ మూడు రోజులూ డ్యూటీ చేసినవాళ్లకి ముందు ఇస్తున్నా. నువ్వు పోయినసారి ఊరెళ్లావు.”

“అంటే నాకు లేదా?”

“భోగి, సంక్రాంతి లేదు. కనుమ, ముక్కనుమ ఇస్తా. ఇవాళే రాసి పెడతా, టిక్కెట్టు తీసుకో.”

“కుర్చీ ఎక్కగానే మారిపోయావే.”

“ఈ ఒక్క విషయంలో మారక తప్పలేదు. నీకిస్తే మిగతా ఏడుగురికీ ఏం చెప్పమంటావు? కోపం ఉంటే నన్నే తిట్టు, మేడమ్‌ని కాదు. ఈ నిర్ణయం నాదే.”

చివరి వాక్యం గొంతులోంచి రావడం కష్టం. ‘నేనైతే ఇచ్చేదాన్ని, మేడమే ఒప్పుకోలేదు’ అంటే ఆ సాయంత్రం టిఫిన్ డబ్బా పంచుకోవచ్చు. కానీ స్నేహితురాలు తెలివైనదైతే నేరుగా మేడమ్‌నే అడుగుతుంది, అక్కడ రెండు రోజుల అధికారం ఇన్‌ఛార్జ్‌దేనని తెలుస్తుంది. అప్పుడు పోయేది సెలవు ఒక్కటే కాదు. ఎవరికి ముందు ఇస్తున్నారో, ఏ లెక్కన ఇస్తున్నారో కాగితం మీద రాసి నర్సింగ్ స్టేషన్‌లో అంటించేస్తే ఇలాంటి సంభాషణలు సగం తగ్గుతాయి. ‘దీనికేం తెలుసని’ అనుకుంటారేమో అన్న భయం ఉన్నవాళ్లకు గోడ మీది కాగితం మంచి ఆసరా. పోట్లాట లెక్కతో, మనిషితో కాదు.

ఇక వార్డు మొత్తానికి చెప్పాల్సింది చిన్నది. ఏ కొత్త సిరంజ్ పంపో వచ్చినప్పుడు నలుగురి ముందూ అనగలగాలి: “ఇది నాకు కొత్త. బయోమెడికల్ వాళ్లు వచ్చి చూపించేదాకా ఎవరూ వాడొద్దు. చూపించేటప్పుడు నేనూ నేర్చుకుంటా.” ఇన్‌ఛార్జ్‌కే తెలీదట అని ఇద్దరు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మూడోరోజు నైట్‌లో ఓ జూనియర్, తప్పు లెక్క వేశానని ఫోన్ చేసి చెబుతుంది. సూపరింటెండెంట్ చూస్తానన్నది దీన్నే.

కొంత సందేహం మిగిలినా నష్టం లేదు. ఎంఐటీకి చెందిన బసిమా ట్యూఫిక్ 2022లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు ఇలాంటి అనుమానాలు ఎక్కువగా ఉన్నవాళ్లు ఎదుటివాళ్లను పట్టించుకుని మాట్లాడతారని, తోటివాళ్లతో మెలగడంలో మెరుగ్గా ఉంటారని తేలింది. అలాగని ఈ అనుమానం మంచి మందేమీ కాదు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, డ్యూటీకి బయల్దేరుతుంటేనే గుండె దడ వచ్చినా, ఏడుపు ఆగకపోయినా అది మాటలతో సర్దుకునే విషయం కాకపోవచ్చు. డాక్టర్‌ను కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

మూడు నెలలు గడిచాక ఇన్‌ఛార్జ్ తనను తాను తూచుకోవడానికి మనసును అడగక్కర్లేదు, అది ఇంకా ‘నీకేం రాదు’ అనే అంటుంటుంది. రోస్టర్లు మూడూ పక్కపక్కన పెట్టుకోవాలి. తన పేరున నైట్లు ఎన్ని? అక్కకు, స్నేహితురాలికి, మొన్న చేరిన పిల్లకు అంకె ఒకటేనా? పొరపాట్ల రిపోర్టులు ఎన్ని వచ్చాయి, అవి ఎవరు రాశారు? అవి పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్లి, ‘మొదటి నెల నేను నాలుగు నైట్లు చేశాను మేడమ్, ఆ ఉదయాల్లో రౌండ్స్‌కి లేను. ఇప్పుడు మానేశాను. డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు మాత్రం ఇంకా తడబడుతున్నా. ఈసారి రౌండ్స్‌లో మీరు పక్కన ఉంటారా?’ అని అడగాలి.

అక్క ఆ నేర్పే పని తీసుకోకపోనూ వచ్చు. టీ టైంలో ఎడంగా కూర్చోవచ్చు, ‘ఇన్‌ఛార్జ్ గారూ’ అని కాస్త వెటకారంగా పిలవొచ్చు. హ్యాండోవర్ పూర్తిగా ఇస్తూ, రోగి దగ్గర తేడా రానివ్వకుండా ఉన్నంతకాలం దాన్ని పట్టించుకోనక్కర్లేదు. హ్యాండోవర్‌లో సగం చెప్పి సగం మింగేసిన రోజు మాత్రం ఊరుకోకూడదు. అదే స్టోర్ గదిలో, తలుపు వేసి, ‘అక్కా, 9వ బెడ్ పేషెంటు యూరిన్ అవుట్‌పుట్ తగ్గిందని మీరు చెప్పలేదు. నా మీద కోపం నాతోనే తేల్చుకోండి, పేషెంటు దాకా రానివ్వొద్దు’ అని చెప్పాలి. చెప్పి, తేదీ వేసి రాసుకోవాలి.